వార్తల్లో పదం: డేటా ప్రిన్సిపల్

వ్యక్తిగత సమాచారం ఎవరిదో ఆ వ్యక్తే 'డేటా ప్రిన్సిపల్'. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పెట్టిన పేరిది. సమాచారం తీసుకుని, దాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ 'డేటా ఫిడ్యూషరీ'.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ యాప్ ఒకటి ఉందనుకుందాం. పేరు, చిరునామా, వయసు అడగడం సబబే. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ అడిగి, మనం 'సరే' నొక్కినా ఆ సమ్మతి చెల్లదు. రక్తపరీక్షకు వాటితో పనిలేదు. చెప్పిన పనికి అవసరమైనంత సమాచారానికే సమ్మతి వర్తిస్తుంది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి కూడా సమ్మతి కాదు. స్పష్టంగా మనమే ఒప్పుకోవాలి.

ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పటికే జరిగిన వాడకం అక్రమమైపోదు. మన సమాచారం ఏముందో, ఎవరికిచ్చారో అడగొచ్చు. తప్పులు దిద్దించుకోవచ్చు, తుడిపించుకోవచ్చు. వేరే చట్టం ఉంచమన్న రికార్డులకు మాత్రం మినహాయింపు. ముందు సంస్థకే ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు వెళ్లాలి.

నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సమ్మతి, హక్కుల నిబంధనలకు 18 నెలల గడువిచ్చారు.