స్టోర్‌కీపర్‌కి పైవాడెవరు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉందనుకుందాం. యజమానితో కలిపి 19 మంది. అక్కడి స్టోర్‌కీపర్‌ని "మీ పైన ఎవరండీ?" అని అడిగితే తడుముకుంటాడు. ఇనుము ఇవ్వమనేది వర్క్స్ మేనేజరు, లెక్క అడిగేది అకౌంట్స్ మేనేజరు, మధ్యలో వచ్చి కేకలేసేది యజమానిగారి బావమరిది. ఆర్గనైజేషన్ చార్ట్ గీయాలంటే కంప్యూటర్ తెరవకముందే ఈ చిక్కు విప్పుకోవాలి.

విప్పడానికి రెండు ప్రశ్నలు చాలు. ఆయనకు సెలవు ఎవరిస్తారు? జీతం పెంచేటప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? రెంటికీ జవాబు అకౌంట్స్ మేనేజరే అయితే నిండు గీత అటే వెళ్లాలి. సరుకు వాడేవాళ్ల చేతికే స్టాకు పుస్తకం ఇవ్వకపోవడం మంచి పద్ధతి కూడా. వర్క్స్ మేనేజరుతో రోజూ పని పడుతుంది కనుక అటు ఒక చుక్కల గీత పెట్టవచ్చు. అయితే చుక్కల గీతలు ఒకటి రెండు దాటితే చార్టు సాలెగూడు అయిపోతుంది. ఇక బావమరిదిగారికి ఉద్యోగం ఉంటే గడి ఉంటుంది, లేకపోతే లేదు. ఈ ముక్క చెప్పడం గీత గీయడం కన్నా కష్టమని షెడ్డు నడిపేవాళ్లకు తెలుసు.

ఈ తిప్పలు కొత్తవి కావు. 1855లో అమెరికాలోని న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ డేనియల్ మెకాలమ్, వందల మైళ్ల దారి పొడవునా ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో చూపించేందుకు ఒక పటం గీయించాడు. చేత్తో గీసింది జార్జ్ హెన్‌షా. అది చెట్టులా ఉంటుంది. డైరెక్టర్లు వేళ్ల దగ్గర, అంటే అడుగున ఉంటారు. ఇప్పటి చార్టుల్లో యజమాని పైకెక్కాడు.

మన షెడ్డుకే వద్దాం. యజమాని కింద వర్క్స్, మార్కెటింగ్, అకౌంట్స్ మేనేజర్లు ముగ్గురు. వర్క్స్ కింద వెల్డింగ్, వడ్రంగం, పెయింటింగ్ మేస్త్రులు. మార్కెటింగ్‌లో ఫీల్డు మనుషులు ఇద్దరు. అకౌంట్స్‌లో క్యాషియరు, స్టోర్‌కీపరు. మేస్త్రుల చేతి కింద నలుగురు వెల్డర్లు, ఇద్దరు వడ్రంగులు, ఇద్దరు పెయింటర్లు. పనివాళ్ల ఎనిమిది మందికీ విడివిడి గడులు పక్కపక్కనే పెడితే కాగితం చాలదు. ప్రతి మేస్త్రి కింద ఒకే గడి పెట్టి, పేర్లు అందులో వరసగా ఒకదాని కింద ఒకటి రాయాలి.

అప్పుడు అన్నిటికన్నా వెడల్పైన వరస మూడోది. అందులో 7 గడులు. కొలత అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అడ్డంగా పెట్టిన A4 కాగితం 297 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 15 వదిలితే 267 మిగులుతుంది. గడి వెడల్పు 30 చొప్పున ఏడింటికీ 210. ఒకే మేనేజరు మనుషుల మధ్య 6, ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ మధ్య 15 వదిలితే మొత్తం 264 అవుతుంది, సరిపోతుంది. ఈ 6కీ 15కీ ఉన్న తేడా అందానికి పెట్టింది కాదు. అన్నిచోట్లా ఒకే ఎడం వదిలితే, పక్క జట్ల అడ్డగీతలు దగ్గరకొచ్చి కలిసినట్టు కనిపిస్తాయి. క్యాషియరు వర్క్స్ మేనేజరు మనిషి అయిపోతాడు.

తరువాత పైకి వెళ్లాలి. ప్రతి మేనేజరునీ తన మనుషుల వరసకు సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాలి. ఇక్కడ జట్లను ఏ క్రమంలో పెట్టామన్నది తేడా తెస్తుంది. వర్క్స్‌ని ఎడమ చివర, మార్కెటింగ్‌ని మధ్యన పెడితే మేనేజర్ల గడుల నడుములు కాగితం ఎడమ అంచు నుంచి 66, 165, 246 దగ్గర పడతాయి. చివరి రెంటికీ మధ్య బిందువు 156. యజమానిని అక్కడ పెడితే, కిందనున్న మార్కెటింగ్ గడి 9 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. గీత అక్కడ చిన్న మెలిక తిరిగి, చూసేవాళ్లకు చెయ్యి జారినట్టు అనిపిస్తుంది. ముగ్గురున్న వర్క్స్‌ని మధ్యకు మార్చితే నడుములు 48, 147, 246. యజమాని 147 దగ్గర, వర్క్స్ మేనేజరు సూటిగా కింద. ఏ గడి కొలతా మారలేదు, మెలిక పోయింది.

గడుల ఎత్తు 15 ఉంచితే మేలు. గుడులు, వత్తుల వల్ల తెలుగు అక్షరాలకు పైనా కిందా చోటు కావాలి. హోదా పెద్దగా, పేరు చిన్నగా రాస్తే, మనిషి మారినా గడి మారదు. ఒకే వరసలోని గడులన్నీ ఒకే కొలత. పేరుమోసిన మేస్త్రి జీతం మార్కెటింగ్ మేనేజరు కన్నా ఎక్కువే కావచ్చు. అయినా ఆయన గడి మూడో వరసలోనే ఉంటుంది, ఎందుకంటే వరస చూపించేది జవాబుదారీని, జీతాన్ని కాదు. దీన్ని ముందే చెప్పకపోతే చార్టు గోడకెక్కిన రోజే అలకలు మొదలవుతాయి.

గీతలకు పవర్‌పాయింట్‌లో ఎల్బో కనెక్టర్ వాడాలి. గడి అంచుకు అతికించి పెడితే, గడిని జరిపినప్పుడు గీత కూడా వెంట వస్తుంది. ఉత్త గీతలు గీస్తే ఒక్కటి కదిపినా అన్నీ ఊడతాయి.

గోడకు అంటించే ముందు లెక్క చూడాలి. మన చార్టులో గడులు 14. యజమాని మినహా ప్రతి గడికీ పైనుంచి నిండు గీత ఒక్కటే రావాలి కాబట్టి గీతలు 13 ఉండాలి, చుక్కల గీతను లెక్కలోకి తీసుకోకూడదు. 14 వచ్చాయంటే ఎవరికో ఇద్దరు పైవాళ్లున్నారు. స్టోర్‌కీపర్ గడితో వెతకడం మొదలుపెట్టవచ్చు.