మెట్లెక్కితే తాతయ్యకు ఆయాసం ఎందుకు?

చార్మినార్ పైకి 149 మెట్లు. ఇరుకుగా, మెలితిరిగి ఉంటాయి. మనవడు ఆగకుండా ఎక్కేస్తాడు. 70 ఏళ్ల తాతయ్య మధ్యలో గోడకు చెయ్యి ఆనించి నిలబడతాడు. ఆయనకు జబ్బేమీ లేదు, పొగతాగే అలవాటూ లేదు. మరెందుకు ఆయాసం?

ఊపిరితిత్తుల నిండా సన్నని, సాగే పోగులుంటాయి. గాలి పీల్చినప్పుడు అవి సాగుతాయి. తర్వాత ఊదిన బెలూన్‌లా వాటంతటవే ముడుచుకుని గాలిని బయటికి నెడతాయి. అందుకే మామూలుగా ఊపిరి వదలడానికి మనం కష్టపడం. సన్నటి గాలిగొట్టాలను చుట్టూ లాగిపట్టి తెరిచి ఉంచేవీ ఈ పోగులే. వయసుతో ఆ పట్టు సడలుతుంది. ఊపిరి పూర్తిగా వదలకముందే కొన్ని గొట్టాలు మూసుకుపోయి, గాలి లోపలే చిక్కుకుంటుంది.

మరోవైపు, పక్కటెముకలను రొమ్ముటెముకతో కలిపే మృదులాస్థిలో కాల్షియం చేరి ఛాతీ బిగుసుకుంటుంది. దాన్ని విప్పార్చడానికి కండరాలు ఎక్కువ శ్రమించాలి.

చిత్రమేమిటంటే, ఊపిరితిత్తుల్లో పట్టే మొత్తం గాలి పెద్దగా తగ్గదు. అది 6 లీటర్లనుకుందాం. ఎంత గట్టిగా ఊదినా లోపల మిగిలిపోయే గాలి 20 ఏళ్లప్పుడు సుమారు 1.5 లీటర్లు, 70 ఏళ్లకు దాదాపు 2.4 లీటర్లు. అంటే వాడుకోగలిగేది 4.5 నుంచి 3.6 లీటర్లకు పడిపోతుంది.

కూర్చున్నప్పుడు ఇది చాలు. మెట్లెక్కేటప్పుడు కాళ్లకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి, వయసుతో గరిష్ఠ వేగం తగ్గిన గుండె మీదా భారం పడుతుంది, అందుకే ఆగాల్సి వస్తుంది. ఊరికే కూర్చున్నా ఆయాసపడుతున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా అది వయసు పని కాదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.