రంగులేని రంగుమందు

సి.టి. స్కాన్ గదిలో రోగి రక్తనాళంలోకి ఎక్కించే మందును జనం 'డై' అంటారు. డై అంటే రంగు. కాని సూదిమందు గొట్టంలో చూస్తే అది నీళ్లవలె తేటగా, ఏ రంగూ లేకుండా ఉంటుంది. అది కంటికి కనిపించే రంగు కాదు. యంత్రానికి మాత్రమే కనిపించే రంగు. దానినే వైద్యులు కాంట్రాస్ట్ మందు అంటారు.

సి.టి. యంత్రం ఎక్స్‌కిరణాలను శరీరం గుండా పంపి, అవతలికి ఎంత చేరిందో కొలుస్తుంది. ఎముకలోని కాల్షియం ఆ కిరణాలను బాగా అడ్డుకొంటుంది. అందువల్ల ఎముక తెల్లగా కనిపిస్తుంది. కాలేయం, రక్తం, కండరం మొదలైనవన్నీ దాదాపు ఒకే విధమైన తేలికపాటి మూలకాలతో ఏర్పడినవి. కాబట్టి అవి ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. కాలేయంలో చిన్న గడ్డ ఉన్నా విడిగా కనిపించకపోవచ్చు.

ఇక్కడ అయోడిన్ తోడ్పడుతుంది. దాని పరమాణు సంఖ్య 53. బరువైన ఈ పరమాణువు ఎక్స్‌కిరణాలను గట్టిగా పట్టుకొంటుంది. అయోడిన్ ఉన్న మందును చేతి సిరలోకి వేగంగా ఎక్కిస్తే, రక్తం పారే ప్రతి చోటూ తెల్లగా వెలుగుతుంది. సుమారు ముప్పై సెకన్లకు ధమనులు, డెబ్బై సెకన్లకు కాలేయం స్పష్టపడతాయి. గడ్డలోని రక్తప్రసరణ చుట్టూ ఉన్న కణజాలంలో వలె ఉండదు. ఆ తేడాయే దానిని పట్టి ఇస్తుంది. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్లు, మూత్రం పోయినట్లు అనిపించడం సహజం. అది అలర్జీ కాదు.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌కిరణాలు లేవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు కలిసి శరీరంలోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను కదిలిస్తాయి. అవి తిరిగి కుదురుకొనేటప్పుడు వచ్చే సంకేతాల నుండి చిత్రం ఏర్పడుతుంది. ఇక్కడ వాడే కాంట్రాస్ట్ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. అది స్వయంగా కనిపించదు. తన పక్కనున్న నీటి కేంద్రకాలు త్వరగా కుదురుకొనేటట్లు చేస్తుంది. అందువల్ల అది చేరిన చోటు చిత్రంలో వెలుగుతుంది. గాడోలినియం విడిగా ఉంటే విషం. అందుచేత దానిని పంజరం వంటి అణువులో బంధించి ఇస్తారు.

ఈ రెండు మందులను శరీరం నుండి ప్రధానంగా బయటకు పంపేవి మూత్రపిండాలు. అవి ఆరోగ్యంగా ఉంటే ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో వెళ్లిపోతుంది. కాబట్టి మందు ఇవ్వడానికి ముందు వైద్యుడు రెండు సంగతులు తెలుసుకోవాలి. మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయి? ఈ మందు ఇంతకుముందు పడకపోవడం జరిగిందా?

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. రాజోలు వైపు పల్లెలో డెబ్బై ఏళ్ల మామ్మగారికి కడుపునొప్పి. అల్ట్రాసౌండు పరీక్షలో కాలేయంపై ఒక మచ్చ కనబడింది. అదేమిటో తేల్చడానికి కాంట్రాస్ట్ సి.టి. తీయించమని అమలాపురంలోని వైద్యుడు వ్రాశాడు. ఆమెకు మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకొంటోంది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.9 మిల్లీగ్రాములని వచ్చింది. "కొంచెమే ఎక్కువ కదండీ" అన్నాడు కొడుకు. కాని ఆ అంకెను ఒంటరిగా చదవరాదు. క్రియాటినిన్ కండరాల నుండి పుడుతుంది. కండ తక్కువైన వృద్ధురాలిలో అది తక్కువగా తయారవుతుంది. అయినా రక్తంలో అంత పేరుకొందంటే వడపోత బాగా తగ్గిందన్నమాట. అందుకే వయస్సును, స్త్రీయా పురుషుడా అన్నదానిని కలిపి వడపోత వేగాన్ని అంచనా వేస్తారు. దీనిని ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. అదే 1.9 ఇరవై అయిదేళ్ల యువకుడికి వస్తే ఆ వేగం నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్లు. మామ్మగారికి 28 మాత్రమే.

ఈ వేగం 30 కంటె తగ్గినప్పుడు అయోడిన్ మందు విషయంలో జాగ్రత్త పడాలి. తప్పనిసరైతే సిర ద్వారా సెలైను ఎక్కించి, మందు మోతాదును వీలైనంత తగ్గించి ఇస్తారు. రెండు మూడు రోజుల తరువాత క్రియాటినిన్ మళ్లీ చూస్తారు. అయితే ఈ భయాన్ని పెంచుకోనూ కూడదు. వేగం 45 దాటిన వారిలో ఈ మందు వల్ల మూత్రపిండాలు దెబ్బతినడం చాలా అరుదని నేటి వైద్యుల అభిప్రాయం. ప్రాణాపాయ స్థితిలో పక్షవాతానికో, రక్తనాళం చీలికకో స్కాన్ అవసరమైతే పరీక్షా ఫలితం కోసం కాలయాపన చేయరు.

మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. అది స్వయంగా మూత్రపిండాలను పాడుచేయదు. కాని మూత్రపిండాలు పనిచేయకపోతే ఆ మాత్ర ఒంటిలో పేరుకొని, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. వేగం 30 కంటె తక్కువైతే ఆ మాత్ర వాడరాదు. స్కాన్ మాట ఎలా ఉన్నా, మామ్మగారి మధుమేహానికి వైద్యుడు వేరే మందు వ్రాయవలసి వచ్చింది.

ఇక అలర్జీ ప్రశ్న. కొడుకు ముందుగానే చెప్పాడు: "మా అమ్మకు రొయ్యలు పడవండీ. వాటిలో అయోడిన్ ఉంటుందట కదా!" రొయ్యల చెరువులున్న సీమలో ఈ మాట తరచుగా వినబడుతుంది. కాని రొయ్యలు పడనివారికి పడనిది వాటిలోని ఒక మాంసకృత్తు, అయోడిన్ కాదు. అయోడిన్ మన శరీరానికి నిత్యం కావలసిన పోషకం. రొయ్యలు పడకపోయినంత మాత్రాన స్కాన్ మానవలసిన పని లేదు. ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న అడగడం మరచిపోతాం.

స్కాన్ గదిలోని సిబ్బంది అడిగారు: "మామ్మగారూ, ఇంతకుముందెప్పుడైనా ఇటువంటి మందు ఎక్కించారా?"

"రెండేళ్ల క్రితం గుండెకు ఆంజియోగ్రామ్ చేశారమ్మా. ఆ గదిలోంచి బయటకు రాకముందే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పొద్దున తిన్న ఇడ్లీ పడలేదనుకొన్నాం."

ఆంజియోగ్రామ్‌లో వాడేది కూడా అయోడిన్ మందే. మందు ఎక్కిన కొద్ది నిమిషాలకే వచ్చిన దద్దుర్లు ఇడ్లీ వల్ల వచ్చినవి కావు. మునుపు ఒకసారి పడనివారికి మళ్లీ పడకపోవడమే అన్నింటికంటె పెద్ద ప్రమాద సూచన. అటువంటివారికి అప్పుడు వాడిన మందు పేరు కనుగొని, దానికి బదులు వేరే అయోడిన్ మందు వాడతారు. అవసరాన్నిబట్టి కొన్ని గంటల ముందునుండి స్టెరాయిడ్, అలర్జీ నివారణ మాత్రలు ఇస్తారు. ఇవి ప్రమాదాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా తొలగించవు. అందుచేత గదిలో అడ్రినలిన్ సూదిమందు సిద్ధంగా ఉండాలి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగిసినా, రక్తపోటు పడిపోయినా దానిని తొడ కండరంలోకి వెంటనే ఇస్తారు. తీవ్రమైన ప్రతిచర్యలు చాలావరకు మొదటి అరగంటలోనే వస్తాయి కనుక రోగిని అంతసేపు అక్కడే కూర్చోబెడతారు.

రెండు జవాబులూ తెలిశాక వైద్యుడు సి.టి. మాని ఎం.ఆర్.ఐ. ఎంచుకొన్నాడు. గాడోలినియం మందు అయోడిన్ మందుకు బంధువు కాదు; ఆనాటి దద్దుర్లు దీనికి అడ్డు కావు. అయితే ఒక హెచ్చరిక ఉంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న కొందరిలో గాడోలినియం తరువాత చర్మం రాయివలె గట్టిపడే వ్యాధి వస్తోందని 2006లో గుర్తించారు. పంజరం వదులుగా ఉన్న పాతరకం మందులలో లోహం విడిపోవడమే దానికి కారణమని భావిస్తున్నారు. ఉంగరంవలె మూసుకొన్న పంజరం గల మందులతో ఆ వ్యాధి అత్యంత అరుదు. ఆ రకాన్నే ఎంచుకొని, ఒంట్లో పేస్‌మేకర్ వంటి లోహపు పరికరాలు లేవని నిర్ధారించుకొని, యాభై కిలోల మామ్మగారికి పది మిల్లీలీటర్లు ఇచ్చారు. కాలేయంపై మచ్చ కేవలం రక్తనాళాల ముద్ద అనీ, దానివల్ల హాని లేదనీ తేలింది.

ఇంటికి పంపేటప్పుడు సిబ్బంది ఆమె కాగితాల మొదటి పుటలో ఎర్ర సిరాతో వ్రాశారు: 'ఆంజియోగ్రామ్ అయోడిన్ మందుకు దద్దుర్లు. ఇ.జి.ఎఫ్.ఆర్. 28.' ఆ కాగితాన్ని ప్రతి ఆసుపత్రికీ వెంట తీసుకొని వెళ్లమని కొడుకుకు చెప్పారు. ఇడ్లీమీద పడిన నింద అప్పటికి తొలగింది.