పెద్దమ్మ ఫోనుకు వచ్చిన ఆరంకెల కోడ్

ఒక మామూలు ఇంటిని అనుకుందాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంటి పెద్దావిడ ఫోనుకు వాట్సాప్‌లో చెల్లెలి కొడుకు నుంచి మెసేజ్ వస్తుంది. "పెద్దమ్మా, నా కోడ్ ఒకటి పొరపాటున నీ నంబరుకి వచ్చిందట. కాస్త చూసి పంపవా?" చూస్తే నిజంగానే ఆరంకెల కోడ్ ఎస్సెమ్మెస్‌గా వచ్చి ఉంటుంది. పేరు వాడిదే, ఫొటో వాడిదే. ఆవిడ అంకెలు పంపిస్తుంది. నిమిషం తిరక్కుండానే ఆవిడ ఫోనులో వాట్సాప్ ఆగిపోయి, ఈ నంబరు మరో ఫోనులో నమోదైందని చెబుతుంది.

అసలు జరిగింది ఇది. చెల్లెలి కొడుకు ఖాతా అంతకుముందే దొంగ చేతికి చిక్కింది. ఆ దొంగ తన ఫోనులో కొత్తగా వాట్సాప్ పెట్టుకుని, పెద్దమ్మ నంబరు కొట్టాడు. నంబరు ఎవరు కొట్టినా, అది నీదేనా అని అడుగుతూ వాట్సాప్ ఆ నంబరుకే కోడ్ పంపుతుంది. అందుకే కోడ్ పెద్దమ్మకు వచ్చింది. పొరపాటున రాలేదు, అది ఆవిడ ఖాతాదే. తర్వాతి వంతు ఆవిడ బంధువులది. పాత సంభాషణలు ఆవిడ ఫోనులోనే ఉంటాయి కాబట్టి దొంగకు కనపడవు. కానీ కుటుంబ గ్రూపులు చేతికొస్తాయి, వాటిలోని నంబర్లన్నీ దొరుకుతాయి. సాయంత్రానికల్లా "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా ఇరవై వేలు పంపు" అని ఆవిడ పేరుతో మెసేజ్‌లు మొదలవుతాయి.

చదువుకున్నవాళ్లు కూడా ఇందులో పడడానికి కారణం ఉంది. ఓటీపీ అంటే రెండో కాపలా అని మనకు అలవాటైపోయింది. ఆన్‌లైన్‌లో కార్డు వాడేటప్పుడు మరో రహస్యం కూడా అడిగి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. అక్కడ కార్డు వివరాలు దాటాక ఓటీపీ వస్తుంది. వాట్సాప్‌లో అలా కాదు. దానికి పాస్‌వర్డే లేదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆ ఆరంకెలే మొదటి తాళం, మనం వేరే ఏర్పాటు చేసుకోకపోతే చివరి తాళం కూడా అవే.

ఆ ఏర్పాటుకు రెండు నిమిషాలు చాలు. వాట్సాప్‌లో Settings, అందులో Account, అందులో Two-step verification నొక్కితే ఆరంకెల పిన్ పెట్టుకోమంటుంది. ఇది ఎస్సెమ్మెస్‌లో వచ్చేది కాదు, మనం పెట్టుకుని గుర్తుంచుకునేది. ఇది ఉన్న ఫోనులో పెద్దమ్మ కోడ్ పంపేసినా, దొంగ ఆ తర్వాతి మెట్టు దగ్గర ఆగిపోతాడు. పుట్టిన రోజు, పెళ్లి రోజు, 123456 మాత్రం వద్దు. పిన్ మర్చిపోతామన్న భయం అక్కర్లేదు, వాట్సాప్ తానే అప్పుడప్పుడు అడిగి గుర్తు చేయిస్తుంది.

పిన్ లేని ఖాతా చేజారితే ముందు చేయాల్సింది ఏడవడం కాదు, తన ఫోనులో మళ్లీ అదే నంబరుతో నమోదు కావడం. కొత్త కోడ్ వస్తుంది. అది కొట్టిన క్షణంలోనే దొంగ బయటికి పోతాడు. అయితే ఈలోగా వాడు తన పిన్ ఒకటి పెట్టేసి ఉంటే, అది తెలియకుండా లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాలి. ఆ వారంలో వాడూ ఆ ఖాతా వాడలేడు. బంధువులకు ఫోన్ చేసి చెప్పడం, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయడం, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టడం ఈలోపు చేయాల్సిన పనులు.

ఈ పిన్‌కూ ఒక హద్దు ఉంది. మన ఖాతాను కంప్యూటర్‌కో వేరే ఫోనుకో జతచేసే దారిలో పిన్ అడగదు. మాటల్లో పెట్టి ఏదో కోడ్ స్కాన్ చేయించారంటే, మన ఫోనులో వాట్సాప్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది, అవతల ఎవరో చదువుతూనే ఉంటారు. Linked devices అన్నచోట మనకు తెలియని పరికరం కనిపిస్తే దాన్ని తీసేయాలి. పెద్దవాళ్ల ఫోనులో ఇది చూసిపెట్టడం ఇంట్లో ఎవరో ఒకరు బాధ్యతగా తీసుకోవాల్సిన పని.

పిన్ పెట్టేటప్పుడు వాట్సాప్ ఒక మెయిల్ చిరునామా కూడా అడుగుతుంది, మర్చిపోతే మార్చుకునే దారి అక్కడికి పంపడానికి. చాలామంది అది వదిలేస్తారు. ఇవ్వడమే మంచిది. కానీ ఇచ్చాక, వాట్సాప్ భద్రత ఆ మెయిల్ మీద ఆధారపడుతుంది. నిజానికి వాట్సాప్ ఒక్కటే కాదు, ఫేస్‌బుక్ గానీ, షాపింగ్ ఖాతా గానీ, పిల్లల ఫొటోలు దాచిన చోటు గానీ, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అంటే చాలావరకు దారి మెయిల్‌కే పోతుంది. కాబట్టి ఇంటిల్లిపాదిలో ఒక్కొక్కరికి ఒక్క పాస్‌వర్డే గట్టిగా ఉంచుకునే ఓపిక ఉంటే, అది మెయిల్‌ది కావాలి. దాన్ని ఇంకెక్కడా వాడకూడదు.

ఎందుకో చెప్పడానికి ఫేస్‌బుక్ స్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ ఉదాహరణే ఉంది. 2012లో లింక్‌డిన్ నుంచి కోట్లాది ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. నాలుగేళ్ల తర్వాత, 2016లో, ఆయన ట్విటర్, పింటరెస్ట్ ఖాతాల్లోకి ఎవరో చొరబడ్డారు. లింక్‌డిన్ నుంచి దొరికిన పాస్‌వర్డ్‌తోనే తెరిచామని వాళ్లు చెప్పుకున్నారు. ఎక్కడో ఒక చిన్న సైటు పోగొట్టుకున్న పాస్‌వర్డ్‌ను దొంగలు పెద్ద సైట్లన్నిటిలో వేసి చూస్తారు. ఆ పని మనుషులు కూర్చుని చేయరు, యంత్రాలు చేస్తాయి. అందుకే "నా ఖాతాలో ఏముందని ఎవరైనా వస్తారు" అన్న ధీమా పనికిరాదు.

మెయిల్ పాస్‌వర్డ్ కష్టంగా ఉండక్కర్లేదు, పొడవుగా ఉండాలి. ఒకదానికొకటి పొంతన లేని మూడు నాలుగు మాటలు, మధ్యలో ఒక అంకె ఉంటే చాలు:

```
gongura-railu-47-mabbu-nicchena
```

అచ్చయిపోయింది కాబట్టి దీన్ని మాత్రం ఎవరూ వాడకూడదు. మనవరాలి పేరుకు @123 తగిలించినదాని కంటే ఇలాంటిది ఊహించడం ఎంతో కష్టం, గుర్తుంచుకోవడం మాత్రం తేలిక. మర్చిపోతామనుకుంటే ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు. దూరాన కూర్చున్న దొంగ బీరువా తెరవలేడు. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం, వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకు పంపడం మాత్రం వద్దు.

మెయిల్‌కూ రెండో మెట్టు పెట్టొచ్చు. గూగుల్ ఖాతాలో దాని పేరు 2-Step Verification. 2021లో గూగుల్ 15 కోట్ల మందికి పైగా వాడకందార్లకు దీన్ని తానే పెట్టేసింది. వాళ్ల ఖాతాల్లో దొంగలపాలయ్యేవి సగానికి తగ్గాయని మరుసటి ఏడాది ప్రకటించింది. కొత్త చోటు నుంచి ఎవరైనా తెరవబోతే, లోపలికి రావాలనుకుంటున్నది మీరేనా అని మన ఫోను అడుగుతుంది. మనం కాకపోతే కాదని నొక్కాలి, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. విసుగొచ్చి అవునని నొక్కితే ఆ మెట్టు లేనట్టే.

ఫోను పోతే? అందుకోసం అక్కడే Backup codes పేరుతో పది కోడ్‌లు ఇస్తారు. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకుని ఆ నోటుపుస్తకంలోనే పెడితే సరిపోతుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చి, అక్కడి సిమ్ పనిచేయక ఎస్సెమ్మెస్ అందని పిల్లలకు కూడా ఇవే దిక్కు.

తల్లిదండ్రుల ఖాతాలు తెరిచిచూస్తే ఇంకో చిక్కు బయటపడుతుంది. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పాత నంబరే ఇంకా మెయిల్‌లో ఉంటుంది. మన దేశంలో ఆపేసిన నంబరును 90 రోజుల తర్వాత కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు. అంటే నాన్న మెయిల్ కోడ్ ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనుకు పోతుంది. సిమ్ వదిలేసే ముందే మెయిల్‌లో, వాట్సాప్‌లో, బ్యాంకులో కొత్త నంబరు ఇవ్వాలి. ఇప్పటికే వదిలేసి ఉంటే, ఫోనులో ఖాతా తెరిచి ఉండగానే లోపలికి వెళ్లి నంబరు మార్చేయాలి. ఒకసారి బయటికి వచ్చేస్తే మళ్లీ లోపలికి వెళ్లడానికి ఆ పాత నంబరునే అడగొచ్చు.