గడువు దాకా ఆగితే లెక్క కుదురుతుంది

ప్రభుత్వ బాండుకు గడువు తీరే రోజున అసలు మొత్తం చేతికొస్తుంది. ఈలోగా దాని ధర మాత్రం పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండు ధర పడిపోతుంది. మామూలు డెట్ ఫండ్లు పాతవి అమ్మి కొత్తవి కొంటూ పోతాయి కాబట్టి వాటికి గడువంటూ ఉండదు. టార్గెట్ మెచ్యూరిటీ ఫండ్ అలా కాదు. ఏ ఏడాదికి ముగుస్తుందో దాని పేరులోనే ఉంటుంది. ఆ తేదీకి దగ్గర్లో గడువు తీరే బాండ్లనే కొని, చివరిదాకా ఉంచుకుని, తర్వాత డబ్బు పంచేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. అయిదేళ్లలో ముగిసే ఫండ్‌లో లక్ష రూపాయలు పెట్టారు. అందులోని బాండ్లు 7 శాతం రాబడినిస్తున్నాయి. ఖర్చులు, పన్ను పక్కన పెట్టి, వడ్డీ ఏడాదికోసారి వస్తుందనుకుంటే చివరికి దాదాపు 1,40,250 రూపాయలు రావాలి. ఏడాది తిరిగేసరికి రేట్లు 8 శాతానికి చేరాయి. లక్ష విలువైన బాండ్ల ధర 96,700కు దిగింది. వచ్చిన 7,000 వడ్డీ కలిపితే మీ ఖాతాలో 1,03,700 కనిపిస్తుంది. లెక్క ప్రకారం 1,07,000 ఉండాలి. చాలామంది కంగారుపడి అమ్మేసేది ఇక్కడే.

అమ్మకుండా ఆగితే, ఆ 1,03,700 మిగిలిన నాలుగేళ్లూ 8 శాతం చొప్పున పెరిగి 1,41,000 దాటుతుంది. తగ్గిన ధర గడువు నాటికి మళ్లీ అసలు విలువకు చేరుతుంది, వచ్చిన వడ్డీని ఫండ్ కొత్త, ఎక్కువ రేటుకు పెడుతుంది. అదే రేట్లు 6 శాతానికి పడితే మధ్యలో లాభం ఎక్కువగా కనిపించినా, చివరికి వచ్చేది సుమారు 1,39,500. రేటు ఎటు కదిలినా ముగింపులో తేడా వెయ్యి రూపాయల లోపే. ఆ తేడాకు కారణం మధ్యలో వచ్చే వడ్డీని ఏ రేటుకు తిరిగి పెట్టగలిగారన్నదే. అందుకే ఈ ఫండ్ల రాబడిని అంచనా అంటారు, హామీ అనరు.

కొనేముందు చూడాల్సింది గతేడాది రాబడి కాదు. మీరు కొనే రోజున ఉన్న ‘ఈల్డ్ టు మెచ్యూరిటీ’ చూడండి, అందులోంచి ఫండ్ ఖర్చు తీసేయండి. మిగిలేదే మీ అంచనా. ఏ బాండ్లున్నాయో కూడా చూడాలి. 2019 డిసెంబరులో మొదలైన భారత్ బాండ్ ఈటీఎఫ్‌లో ఉండేవి ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లు. మరికొన్ని ఫండ్లలో కేంద్ర ప్రభుత్వ బాండ్లు, రాష్ట్రాల రుణపత్రాలు ఉంటాయి.

ప్రతి ఆరు నెలలకూ వడ్డీ చేతికి కావాలనుకునేవారు ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచి, పదివేల రూపాయల నుంచి నేరుగా ప్రభుత్వ బాండ్లే కొనుక్కోవచ్చు. ఆ వడ్డీపై ఏటా పన్ను కట్టాలి. ఫండ్‌లోనైతే గ్రోత్ ఆప్షన్ తీసుకుంటే అమ్మినప్పుడే పన్ను. కానీ 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న యూనిట్లపై లాభానికి మీ ఆదాయ శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 7 శాతం రాబడిలో చేతికి మిగిలేది అయిదు శాతానికి కాస్త అటూ ఇటూ.

కాబట్టి డబ్బు ఎప్పుడు కావాలో ముందు తేల్చుకోండి. పిల్లల ఫీజు 2031 జూన్‌లో కట్టాలంటే, అంతకు కాస్త ముందు ముగిసే ఫండ్ తీసుకోండి. తర్వాత ముగిసేది తీసుకుంటే, ఆ రోజు ధర ఎంతుంటే అంతకే అమ్ముకోవాలి.