దిద్దిన ఫొటోలో ముఖం బూడిదబారితే

పెళ్లి ఫొటోల్లో చామనఛాయ ముఖాన్ని కాస్త తెల్లగా చేయబోతే, చాలాసార్లు అది బూడిద పూసినట్టు తయారవుతుంది. ఎందుకో ఫొటోలోని అంకెలే చెబుతాయి. డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండొచ్చు. మూడూ సమానమైతే కనిపించేది బూడిద రంగే. మామూలు వెలుతురులో తీసిన ఫొటోలో చర్మం ఏ ఛాయదైనా ఎరుపు అన్నిటికన్నా ఎక్కువగా, నీలం అన్నిటికన్నా తక్కువగా, ఆకుపచ్చ ఆ రెంటికీ మధ్యన ఉంటాయి. ఈ ఎడం తగ్గితే చర్మం కళ తప్పుతుంది.

ఒక చెంప మీద ఎరుపు 170, ఆకుపచ్చ 120, నీలం 95 ఉన్నాయనుకుందాం. దాని మీద తెలుపును 40 శాతం గాఢతతో పూస్తే అవి 204, 174, 159 అవుతాయి. మూడూ పెరిగాయి కానీ ఎరుపుకీ నీలానికీ మధ్య 75 ఉన్న తేడా 45కి పడిపోయింది. ముఖం పాలిపోవడానికి కారణం ఇదే. నీడల కోసం నలుపు పూసినా ఇలాంటి చిక్కే వస్తుంది. చర్మంలోకి చొచ్చుకెళ్లిన వెలుతురులో ఆకుపచ్చ, నీలాలను రక్తం ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే వెలుగు నీడగా మారే అంచున అసలు చర్మం ఎర్రటి ఛాయ చూపిస్తుంది. నలుపు పూతలో ఆ ఎరుపు ఉండదు కనుక అక్కడ మురికి పట్టినట్టుంటుంది.

పోయిన ఎడాన్ని కలర్ బ్యాలెన్స్‌తో తిరిగి తేవచ్చు. ఫొటోషాప్‌లో దాన్ని విడి లేయర్‌గా పెట్టి, మాస్క్‌తో చర్మానికే పరిమితం చేయాలి. లేకపోతే తెల్ల పంచె కూడా పసుపెక్కుతుంది. ముందుగా మిడ్‌టోన్స్ ఎంచుకుని, మొదటి మీటను ఎరుపు వైపు 10, మూడోదాన్ని పసుపు వైపు 10 జరిపి చూడాలి. పసుపు పెంచడమంటే నీలాన్ని తగ్గించడమే. ఎరుపు ఒక్కటే పెంచితే ముఖం కందినట్టు, పసుపు ఒక్కటే పెంచితే కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. పై చెంప విషయంలో ఎరుపు 210 దాకా పెరిగి, నీలం 145 దగ్గరికి దిగితే తేడా మళ్లీ 65 అవుతుంది. ఇన్ఫో ప్యానెల్‌లో ఈ అంకెలు చూస్తూ మీటలు జరపాలి. నీడలు ఇంకా మురికిగానే ఉంటే షాడోస్‌లో ఎరుపును మూడు నాలుగు అంకెలు పెంచితే చాలు.

పచ్చటి షామియానా కింద తీసిన ఫొటోల సంగతి వేరు. అక్కడ ఆకుపచ్చ ఛాయ ఫొటో అంతటా పరుచుకుంటుంది కాబట్టి, ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసి ఆ తర్వాతే చర్మం జోలికి వెళ్లాలి. నుదుటి మీద మెరుపు మూడు రంగుల్లోనూ 255కి చేరి ఉంటే మాత్రం అక్కడ చర్మపు వివరం ఏమీ మిగలదు, కలర్ బ్యాలెన్స్ దాన్ని తిరిగి తేలేదు. పని సరిగ్గా కుదిరిందో లేదో తేల్చడానికి ముఖం పక్కనే ఉన్న మెడను, చేతులను చూడాలి. ముఖం వాటికన్నా కాస్త వెలుగుగా ఉండొచ్చు గానీ, రంగు మాత్రం ఒకే మనిషిదిగా కనిపించాలి.