తెల్లబోర్డు మీది మసక

క్లాసులో తళతళలాడిన బోర్డు ఫోన్‌ వీడియోలోకి వచ్చేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. లోపం బోర్డుది కాదు. ఫ్రేము నిండా తెలుపే కనిపిస్తే వెలుతురు మరీ ఎక్కువైందనుకుని కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌ తగ్గించేస్తుంది.

ఒక లెక్కల క్లాసునే తీసుకుందాం. నలుపును 0 అని, తెలుపును 255 అని కొలిస్తే వీడియోలో బోర్డు 160, ఆకుపచ్చ మార్కరు 125, నల్ల మార్కరు 55 దగ్గర ఉన్నాయనుకోండి. చాలామంది ముందుగా బ్రైట్‌నెస్‌ పెంచుతారు. దాంతో బోర్డుతోపాటు రాతా తెల్లబడుతుంది, రెంటి మధ్య తేడా మాత్రం ఎక్కడిదక్కడే. సరిచేయాల్సింది లెవెల్స్‌ని: 38ని నలుపుగా, 166ని తెలుపుగా లెక్కించమని చెప్పాలి.

```
ffmpeg -i class.mp4 -vf "colorlevels=rimin=0.15:gimin=0.15:bimin=0.15:rimax=0.65:gimax=0.65:bimax=0.65" -pix_fmt yuv420p -c:a copy clean.mp4
```

ఇప్పుడు బోర్డు 243కు చేరుతుంది, ఆకుపచ్చ రాత 173 దగ్గర ఆగుతుంది. 35 ఉన్న తేడా 70 అయింది. వెనక బెంచీ పిల్లాడికి కూడా మైనస్‌ గుర్తు కనిపిస్తుంది.

అయితే కిటికీ పక్క బోర్డు 200, అవతలి కొస 130 ఉంటే ఈ ఒక్క కొలత పనిచేయదు. కిటికీ వైపు రాత పాలిపోతుంది. అప్పుడు భాగహారం అక్కరకొస్తుంది. వెలుతురు వైపు రాత 150, నీడ వైపు 97 అనుకుంటే, ఒక్కోదాన్ని దాని పక్కనున్న ఖాళీ బోర్డు విలువతో భాగించి చూడండి. రెండుచోట్లా దాదాపు 0.75 వస్తుంది! అందుకే క్లాసు మొదలవకముందు ఖాళీ బోర్డును కొన్ని సెకన్లు తీసి ఉంచుకుంటే బంగారమే. ప్రతి ఫ్రేమునూ దాంతో భాగిస్తే బోర్డంతా ఒకే తెలుపులోకి వస్తుంది. స్టాండు కదలకూడదు, ఎక్స్‌పోజర్‌ లాక్‌ చేసి ఉండాలి. మాస్టారి ముఖం పాలిపోకుండా ఈ మార్పును మాస్కుతో బోర్డు వరకే పరిమితం చేయాలి.

ట్యూబ్‌లైటు మెరుపు సంగతి వేరు. ఆ చార మీద ప్రతి చుక్కా 255 కొట్టేసి ఉంటుంది. కింద 3 ఉందో 8 ఉందో ఆ ఫ్రేముకు తెలియదు, ఏ ఫిల్టరూ దాన్ని బయటికి లాగలేదు. వీడియో కాబట్టి ఒక దారుంది. మాస్టారు లైటుకు అడ్డొచ్చినప్పుడో, ఎవరో లైటు ఆర్పినప్పుడో మెరుపు తొలగిన క్షణం దొరికితే, ఆ ఫ్రేములోంచి అంతమేర ముక్క కత్తిరించి, బోర్డు తుడిచేదాకా అక్కడే అతికించవచ్చు. అలాంటి క్షణం దొరకకపోతే ఆ అంకెను వీడియో మీద టైపు చేసి చూపించడమే నిజాయితీ.

షార్ప్‌నెస్‌తో మాత్రం జాగ్రత్త. ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లని అంచు పుడుతుంది, కంప్రెషన్‌ మచ్చలు పైకి తేలతాయి. ఫోన్‌ తెర మీద చిన్నగా పెట్టి, x² నెత్తిన ఉన్న 2 చదవగలుగుతున్నారో లేదో చూస్తే ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది.